వడ్డీ 14 శాతమేనట, మిగతాది ఎవరి ఖాతాలో?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ బిజినెస్ పేజీలో పర్సనల్ లోన్ ఎక్కడ చౌక అంటూ ఒక పట్టిక వేశారు. ఫలానా చోట వడ్డీ ఇంత నుంచి, ఫలానా చోట ఇంత నుంచి. అట్టడుగున, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో 'ప్రాసెసింగ్ ఫీజు, ఇతర చార్జీలు అదనం' అని ఒక ముక్క. అసలు కథంతా ఆ ముక్కలోనే ఉంది సార్. దాన్ని కింద పడేసి, పనికిరాని అంకెను పైన ఎర్రరంగులో వేశారు. పోనీలే అని ఊరుకున్నాను. కానీ ఆ పేజీ చూపించి ఇద్దరు ముగ్గురు నన్నే సలహా అడిగేసరికి రాయక తప్పలేదు.

మా మేనకోడలు ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. పిల్లవాడి కాలేజీ ఫీజు కోసం ఒక ఫైనాన్స్ కంపెనీలో లక్ష రూపాయల లోన్ తీసుకుంది. వడ్డీ 14 శాతం, రెండేళ్లు, నెలకు 4,801 రూపాయల కిస్తీ. అంతా చెప్పినట్టే ఉంది. కానీ ఖాతాలో పడింది 93,000. మిగతా ఏడు వేలు ఏవమ్మా అంటే ఫోన్ చేతిలో పెట్టింది. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం కింద 3,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 540, 'లోన్ సురక్ష' అనో ఏదో పేరుతో ఇన్సూరెన్స్ ప్రీమియం 3,460. ఇన్సూరెన్స్ ఎందుకు తీసుకున్నావంటే, "అది లేకపోతే సిస్టమ్ ముందుకెళ్లదన్నారు మామయ్యా" అంది. పర్సనల్ లోన్‌కు ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. కానీ సిస్టమ్‌లో ఉందట! ఈ సిస్టమ్ ఎవరో ఒకసారి చూడాలని ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. చాలామంది ఏమనుకుంటారంటే, లక్షకు ఏడు వేలు అంటే 7 శాతం, రెండేళ్లకు పంచితే ఏడాదికి మూడున్నర, 14కు కలిపితే పదిహేడున్నర, పోనీలే అని. అది తప్పు. లక్ష రూపాయలూ రెండేళ్లపాటు మన దగ్గర ఉండవు. మొదటి నెల నుంచే అసలు కూడా తిరిగి కడుతూ వస్తాం. మొదట్లో 93,000 ఉన్నది చివరికి సున్నా అవుతుంది. రెండేళ్ల సగటు తీస్తే ఆ పిల్ల నిజంగా వాడుకున్నది 52 వేలకు కాస్త తక్కువ. కట్టేది నెలకు 4,801 చొప్పున 24 నెలలకు 1,15,224. చేతికొచ్చింది 93,000. తేడా 22,224, అంటే ఏడాదికి 11,112. దాదాపు 52 వేలు వాడుకున్నందుకు ఏడాదికి 11,112 ఇస్తే అది ఎంత శాతం? ఇరవై ఒకటిన్నర! 14 శాతం అని చెప్పి ఇచ్చిన లోన్ ఇది.

నా మాట నమ్మక్కర్లేదు. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉన్నవాళ్లు ఈ ఒక్క లైన్ కొట్టి చూసుకోండి.

```
=RATE(24,-4801,93000)*12
```

మొదటిది కిస్తీల సంఖ్య, రెండోది నెలకు కట్టేది, మూడోది చేతికొచ్చింది. మూడో చోట లక్ష వేస్తే 14 శాతం వస్తుంది, 93,000 వేస్తే 21.5 వస్తుంది. లోన్ కాగితం మీదున్న అంకె కాకుండా ఖాతాలో పడిన అంకె వేయాలి, కిటుకంతా అదే.

మన పల్లెల లెక్కలో చెప్పాలంటే 14 శాతం అంటే నూటికి నెలకు రూపాయి పదిహేడు పైసల వడ్డీ. నిజంగా పడుతున్నది దాదాపు రూపాయి ఎనభై పైసలు. ఇదే ఏడు వేలు పట్టుకుని ఏడాదికే లోన్ ఇచ్చి ఉంటే కిస్తీ 8,979 అయ్యేది, నిజంగా పడే వడ్డీ 28 శాతం దాటేది. అంటే రెండు రూపాయల ముప్పై నాలుగు పైసలు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని జలగ అంటాం. పాపం, వాడు ప్రాసెసింగ్ ఫీజు తీసుకోడు, తన దగ్గర పాలసీ కొనమనడు. లోన్ గడువు తగ్గేకొద్దీ ఈ కోత బరువు పెరుగుతుందన్న సంగతి మీ పట్టికలో ఎక్కడుంది?

మధ్యలో తీర్చేస్తే బాగుపడతామా అంటే అదీ లేదు. ఏడాది కట్టాక మా పిల్లకు ఎక్కడి నుంచైనా డబ్బొచ్చి మిగిలిన అసలు 53,474 కట్టేసిందనుకోండి. ఫీజు వెనక్కి రాదు, ప్రీమియంలో మిగిలిన కాలానికి ఎంతో కొంత రావాలంటే పాలసీ షరతులు ఒప్పుకోవాలి. ఏమీ రాకపోతే అప్పటికి పడిన వడ్డీ దాదాపు 24 శాతం. ముందే తీర్చినందుకు వేసే ఫోర్‌క్లోజర్ చార్జీ ఇందులో కలపలేదు.

ఇంకో ముచ్చట. ఈ ఏడు వేలు ఆ పిల్ల కళ్లతో చూడలేదు, అయినా దాని మీదా 14 శాతం వడ్డీ కడుతోంది. రెండేళ్లలో అది 1,066 రూపాయలు. ఆఫీసులో అడిగితే, "ప్రీమియం మీ జేబులోంచి తియ్యలేదు కదా సార్, లోన్‌లోనే సర్దేశాం" అన్నాడు ఆ కుర్రాడు, ఏదో సాయం చేసినట్టు. సర్దడం అంటే ఇన్సూరెన్స్‌ను కూడా అప్పు మీద కొనిపించడం.

పోనీ ఆ ఇన్సూరెన్స్‌తో కుటుంబానికి ఏమైనా ఒరుగుతుందా? ఇలాంటి పాలసీల్లో ఎక్కువ భాగం అప్పు తగ్గేకొద్దీ కవరేజీ తగ్గుతుంది. మనిషికి ఏమైనా జరిగితే డబ్బు ముందుగా వెళ్లేది అప్పిచ్చినవాడి ఖాతాకే. ఏ బ్యాంకులోనైనా సేవింగ్స్ ఖాతా ఉంటే, 18 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లెవరైనా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరవచ్చు. ఏడాదికి 436 రూపాయలు, రెండు లక్షల కవరేజీ, డబ్బు నామినీ చేతికి. రెండేళ్లకు 872. లక్షకు 3,460 ఎక్కడ, రెండు లక్షలకు 872 ఎక్కడ? కానీ దీని గురించి లోన్ ఇచ్చేవాడు ఎందుకు చెబుతాడు? పాలసీ అమ్మితే వాడికి కమీషన్ వస్తుంది.

రూల్స్ లేవా అంటే భేషుగ్గా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 15న సర్క్యులర్ ఇచ్చింది. ఆ అక్టోబరు 1 నుంచి మంజూరైన కొత్త రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో ఏపీఆర్, అంటే ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటు వేయాలి. ఇన్సూరెన్స్ లాంటివి వేరే కంపెనీకి వెళ్లేవైనా సరే, అప్పిచ్చినవాడే వసూలు చేస్తే అవీ అందులో కలపాలి. సర్క్యులర్‌కు జతచేసిన ఉదాహరణే చూడండి. ఇరవై వేల లోన్, 15 శాతం వడ్డీ, రెండేళ్లు, పట్టుకున్నది మొత్తం 400. ఏపీఆర్ 17.07. నాలుగు వందలకే రెండు శాతం పైకెక్కింది, ఇక ఏడు వేల సంగతి చెప్పాలా?

మరి మా పిల్లకు ఆ కాగితం ఇచ్చారా? ఇచ్చారు. ఫోన్‌లో, ఇంగ్లిషులో, బోలెడన్ని పేజీల అగ్రిమెంటు మధ్యలో దాచి ఇచ్చారు. అందులో ఏపీఆర్ 17.69 అని ఉంది. ఎలా వచ్చిందా అని నేను కూర్చుని లెక్కేస్తే, ఫీజూ జీఎస్టీ మాత్రమే కలిపారు, ప్రీమియం వదిలేశారు. అడిగితే "అది కస్టమర్ ఇష్టపూర్వకంగా తీసుకున్నది సార్, మాకు సంబంధం లేదు" అన్నారు. లోన్ డబ్బులోంచి కోసుకున్నప్పుడు సంబంధం ఉంది, లెక్క చూపించేటప్పుడు లేదన్నమాట. ఆ కాగితం అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలని, చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలని, ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు ఆ షరతులు నిలబడాలని కూడా అదే సర్క్యులర్ చెబుతోంది. మా పిల్లకు దొరికింది ఓటీపీ గడువు. ఆఫర్ సాయంత్రంతో అయిపోతుందని పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు.

నేను సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని. మేమేదో సత్యహరిశ్చంద్రులమని అనను. మేమూ లోన్‌లో వాటాధనం పట్టుకునేవాళ్లం. కానీ అది సభ్యుడి పేరు మీదే ఉండేది, అప్పు తీరాక అడిగితే తిరిగి ఇచ్చేవాళ్లం. పాస్‌బుక్కు తెలుగులో ఉండేది, ఎంత పట్టామో అందులో చేత్తో రాసి సంతకం పెట్టేవాళ్లం. ఇప్పుడు అన్నీ డిజిటల్, అన్నీ పారదర్శకం. ఎంత పారదర్శకమంటే అవతల ఏమున్నదో కనపడనంత. ఫిర్యాదు చేద్దామని ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటారు, నొక్కితే హిందీలో మాట్లాడతారు. అధికారులు మాత్రం ఆర్థిక అక్షరాస్యత వారోత్సవాల్లో బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి, జనానికి అవగాహన లేదని వాపోతారు. జనానికి అవగాహన ఎలా వస్తుంది, ఏపీఆర్ అన్న మాట బ్రాంచి గోడ మీద ఎక్కడైనా రాశారా?

చిన్న లోన్ తీసుకునేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. చాలాచోట్ల ఫీజుకు కనీస మొత్తం ఒకటి పెడతారు. 1,999 అనుకుంటే జీఎస్టీతో 2,359. ఐదు లక్షలు తీసుకునేవాడికి అది అరశాతం కూడా కాదు, యాభై వేలు తీసుకునేవాడికి దాదాపు ఐదు శాతం. పైగా ఐదు లక్షలవాడు బేరమాడి ఫీజు తీయించుకుంటాడు.

మేం రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాం. కంపెనీ ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, సరిగా ఇవ్వకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టవచ్చు. 14448 కు ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. ఇలా ఇరుక్కున్నవాళ్లు ఖాతాలో పడిన మొత్తం కనిపించే మెసేజీ, కీ ఫ్యాక్ట్స్ కాగితం, ప్రీమియం రసీదు మూడూ జతచేయండి. ప్రీమియం రసీదు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ఇవ్వాలని కూడా రూల్ ఉంది.

ఇక మీకు నా మనవి. మళ్లీ ఆ పట్టిక వేసేటప్పుడు వడ్డీ గడి పక్కన ఇంకో రెండు గడులు చేర్చండి. లక్ష లోన్‌కు అన్నీ పోగా చేతికొచ్చేదెంత, రెండేళ్లకు నెలకు కట్టేదెంత. చోటు చాలదంటారేమో, అదే పేజీలో సగం ఆక్రమించిన లోన్ యాప్ ప్రకటనను కాస్త కుదించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సహకార బ్యాంకు ఉద్యోగి,
ఏలూరు