ఫార్వర్డ్ కాగితం సంగతి

ఒరే సూరిబాబూ,

నువ్వు పంపిన ఫార్వర్డ్ కాంట్రాక్టు ఫొటోలు మూడు పేజీలూ చదివాను. మూడు నెలల తర్వాత కొనే డాలర్లకి ఇప్పుడే బ్యాంకుతో రేటు ఖాయం చేసుకునే కాగితం కదా అది. ఫోన్లో చెప్తే సగం అర్థమయ్యి సగం గాల్లో పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. అవసరమైతే మీ మేనల్లుడి చేత కూడా చదివించు, లెక్కలు రాసేది వాడే కదా.

ముందు నీ కాగితంలో ఏముందో చూద్దాం. యూటా నుంచి వచ్చే రొయ్యపిల్లల మేత ఆర్టీమియా టిన్నుల కోసం 50,000 డాలర్లు బుక్ చేశావు. కాంట్రాక్ట్ రేట్ 84.45. నువ్వు సంతకం పెట్టిన రోజు డాలరు 84.00 ఉంటే బ్యాంకు ఆ 45 పైసలు ఎందుకు వేసిందని అడిగావు. అది ప్రీమియం. మన దగ్గర వడ్డీ అమెరికా వడ్డీ కంటే ఎక్కువ కాబట్టి, మూడు నెలల తర్వాతి డాలరు ఈరోజు డాలరు కంటే కాస్త ప్రియంగానే ఉంటుంది. అందులో బ్యాంకు లాభం కొద్దిగా ఉంటుంది, దాని మీద బేరం ఆడొచ్చు. మిగతాది మార్కెట్ రేటే.

దాని కింద గడిలో డెలివరీ పీరియడ్, జూన్ 1 నుంచి జూన్ 30 అని ఉంది. పక్కనే 'ఆప్షన్' అన్న మాట చూసి, 'ఇష్టమైతే కొంటాం, లేకపోతే లేదు' అనుకున్నావు. అక్కడే దెబ్బ తింటారు చాలామంది. నీకున్న ఆప్షన్ తేదీ మీద మాత్రమే. ఆ నెలలో ఏ పనిదినమైనా డాలర్లు తీసుకోవచ్చు, ఒకేసారి కాకుండా విడతలుగా కూడా. తీసుకోకుండా ఊరుకునే హక్కు మాత్రం లేదు. పైగా ఆ నెల వెసులుబాటు ఊరికే రాలేదు. నువ్వు జూన్ 3న తీసుకున్నా ప్రీమియం జూన్ 30 దాకా లెక్కగట్టే ఉంటుంది. సరుకు ఏ వారం వస్తుందో ఖాయంగా తెలిస్తే ఈసారి ఒక్క తేదీకే బుక్ చెయ్యి, కొన్ని పైసలు మిగులుతాయి.

ఇక సెటిల్‌మెంట్ డేట్. దాన్ని మనవాళ్ళు 'ఆ రోజు బ్యాంకుకి వెళ్ళాలి' అని అర్థం చేసుకుంటారు. కాదు. ఆ రోజుకి రూపాయలు నీ ఖాతాలో ఉండి, డాలర్లు చేతులు మారిపోవాలి. అంటే ఇన్వాయిస్, సరుకు ఓడెక్కిందని చూపే బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు దిగి ఉంటే కస్టమ్స్‌లో వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ, డబ్బు పంపమని నీ లెటరు, ఇవన్నీ కనీసం రెండు పనిదినాల ముందే బ్రాంచిలో ఇచ్చెయ్యాలి. బ్రాంచివాళ్ళు వాటిని ఫారెక్స్ విభాగానికి పంపాలి, వాళ్ళు చూడాలి, ఒక్క కాగితం తక్కువైనా వెనక్కి వస్తుంది. 30వ తేదీ మధ్యాహ్నం ఫైలు పట్టుకుని వెళ్తే ఆ రోజు కటాఫ్ టైము దాటిపోతుంది.

ఆఖరి తేదీ ఆదివారమో పండగో అయితే మర్నాటికి జరుగుతుందని అనుకోకు. ముందే తెలిసిన సెలవైతే దానికి ముందు పనిదినమే నీ ఆఖరి రోజు. శనివారం బ్రాంచి తలుపులు తెరిచున్నా ఫారెక్స్ మార్కెట్ ఉండదు కాబట్టి, ఆదివారం పడితే శుక్రవారానికే పని అయిపోవాలి. క్యాలెండరు తీసి ఇప్పుడే చూసుకో.

ఇప్పుడు నువ్వు కంగారు పడుతున్న విషయం. సప్లయరు 30,000 డాలర్ల సరుకే ఇప్పుడు పంపుతానని, మిగతా 20,000 డాలర్లది ఆగస్టులో అని మెయిలు పెట్టాడు. కాగితంలో క్యాన్సిలేషన్ ఛార్జెస్ 500 రూపాయలు, జీఎస్టీ అదనం అని ఉంది కదా, అది కట్టి ఆ 20,000 వదిలేద్దామంటున్నావు. ఆ 500 బ్యాంకు కాగితాల పని ఖర్చు మాత్రమే. అసలు ఖర్చు దాని పైన వాక్యంలో ఉంది, ఎక్స్‌ఛేంజ్ డిఫరెన్స్ టు కస్టమర్స్ అకౌంట్ అని, అంటే రేటు తేడా నీ ఖాతాకే అని. దానికి అంకె రాయలేదు, రాయలేరు కూడా. క్యాన్సిల్ చేసే రోజు మార్కెట్టే దాన్ని తేలుస్తుంది.

ఎందుకంటే, నువ్వు చెరువు మీద రొయ్యలకి ధర ఖాయం చేసుకున్నాక, ఆ మాట మీద ఫ్యాక్టరీకి సరుకు ఒప్పుకుంటావు చూడు, బ్యాంకూ అంతే. నీకు అమ్ముతానన్న డాలర్లని అదే రోజు మార్కెట్లో కొనేసింది. నువ్వు వద్దంటే వాటిని మళ్ళీ అమ్ముకోవాలి. అంటే నీ దగ్గర్నుంచి తన కొనుగోలు రేటుకి వెనక్కి తీసుకున్నట్టు లెక్క రాస్తుంది.

అంకెల్లో చూడు. మే 20న నువ్వు క్యాన్సిల్ చేశావనుకుందాం. ఆ రోజు టీవీలో డాలరు 83.05 అని చూపిస్తుంది. కానీ నీ డాలర్లు జూన్ 30వి, కాబట్టి బ్యాంకు చూసేది జూన్ 30 ఫార్వర్డ్‌కి తన కొనుగోలు రేటు. అది 83.25 అనుకో. 84.45లో నుంచి 83.25 తీసేస్తే 1 రూపాయి 20 పైసలు. 20,000 డాలర్లకి 24,000 రూపాయలు నీ ఖాతాలోంచి పోతాయి, పైన ఆ 500, జీఎస్టీ. టీవీ రేటు పట్టుకుని కౌంటరు దగ్గర గొడవ పడొద్దు, అది వేరే రోజు డాలరు. నువ్వు అడగాల్సింది ఒక్కటే: 'నా మెచ్యూరిటీకి, అంటే జూన్ 30కి, మీ కొనుగోలు రేటు ఎంత, మార్జిన్ ఎంత తీశారు?' రాతపూర్వకంగా అడుగు, చెప్తారు.

ఒకవేళ డాలరు పెరిగి ఆ రేటు 85.55 అయితే 1.10 చొప్పున 22,000 నీకే రావాలి. నీది ఇన్వాయిస్ మీద బుక్ చేసిన కాంట్రాక్టు కాబట్టి అడగొచ్చు. ఇంకా ఆర్డరు ఖాయం కాకుండా అంచనా మీద బుక్ చేసినవాళ్ళకి మాత్రం, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, ఆ లాభం నిజంగా డబ్బు పంపిన రోజే చేతికొస్తుంది.

ఆగస్టుకి 'ఎక్స్‌టెండ్' చేస్తారా అని అడిగావు. చేస్తారు. అయితే 84.45 అలాగే ఆగస్టుకి జరగదు. పాత రేటుకి పొడిగించడం నిషేధం. పాత 20,000 ఆ రోజు రేటుకి క్యాన్సిల్ చేసి తేడా వెంటనే తేల్చేస్తారు, మళ్ళీ కొత్తగా ఆగస్టు రేటుకి బుక్ చేస్తారు. దీన్నే రోలోవర్ అంటారు. ఇప్పుడు 24,000 కట్టినా కొత్త రేటు తక్కువలో పడుతుంది కాబట్టి, మొత్తం మీద నువ్వు మరీ నష్టపోయినట్టు కాదు. చేతి డబ్బు మాత్రం ముందే పోతుంది, హేచరీ సీజన్లో అది నీకు ఇబ్బందే.

ఏదీ చెప్పకుండా జూన్ 30 దాటనివ్వడం అన్నిటికన్నా చెడ్డ పని. గడువు దాటిన కొద్ది రోజులకి బ్యాంకు తనంతట తానే క్యాన్సిల్ చేసేస్తుంది. నష్టమొస్తే నీ ఖాతాలో వేస్తుంది, లాభమొస్తే నీకివ్వదు. ఫారెక్స్ బ్యాంకుల సంఘం ఫెడాయ్ రూలే అంత. గడువు దాటాక బ్యాంకు ఆ డాలర్లని మోసిన ఖర్చు, స్వాప్ కాస్ట్ అని ఇంకొక లైను, దాని మీద వడ్డీ కూడా తగులుతుంది. డెబిట్ అయ్యాక స్టేట్‌మెంట్లో చూసి నాకు ఫోన్ చేస్తే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు.

కాబట్టి సోమవారం పొద్దున్నే సప్లయరు మెయిలు ప్రింటు తీసి బ్రాంచికి వెళ్ళు. 30,000 డెలివరీ, 20,000 రోలోవర్ అని ఒకే లెటరులో రాసివ్వు. అది ఇచ్చేలోపే ఆగస్టు తేదీ సప్లయరు చేత రాయించుకో, వాడు మళ్ళీ సెప్టెంబరంటే ఇంకో తేడా కట్టాలి. తేదీ ఇవ్వనని నసిగితే ఆ 20,000 క్యాన్సిలే చేసెయ్, సరుకు ఖాయమయ్యాక కొత్తగా బుక్ చేద్దాం. లెటరు డ్రాఫ్టు రాసి నాకు పంపు, నేను చూస్తాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు