అమ్మకు వేసే ప్యాచ్ గురించి తమ్ముడికి

బర్మింగ్‌హామ్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఆదివారం సాయంత్రం 4 గంటలకు, అమ్మ మతిమరుపు జబ్బుకు వేసే రివాస్టిగ్మిన్ మందు ప్యాచ్ ఊడి జాకెట్టుకు అంటుకుందని, వెంటనే కొత్తది వేశానని చెప్పావు. ఆ పని సరిగ్గానే చేశావు. అయితే కొత్తదానికి 24 గంటలు నిండాలి కదా అని మర్నాడు సాయంత్రం 4 దాకా ఉంచావట, అది మాత్రం వద్దు. మనం రోజూ మార్చేది ఉదయం 8 గంటలకు కాబట్టి, నడుమ వేసిన ప్యాచ్ ఎంతసేపు ఉన్నా మర్నాడు 8కే తీసి మరొకటి వెయ్యాలి. లేకపోతే ఒక్కసారి ఊడినందుకే వేళ తప్పి, ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తుండని పరిస్థితి వస్తుంది. ఊడినదాన్ని మళ్లీ అతికించకు. అంచు కాస్త లేస్తే అరచేత్తో గట్టిగా నొక్కి చూడు, నిలవకపోతే మార్చేయి.

కొత్తది వేసే ముందు పాతది తీశామా లేదా అన్నది మాత్రం ప్రతిసారీ కళ్లతో చూసుకోవాలి. నేను ఇక్కడ పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడకు తెల్లవారుజాము నుంచి వాంతులు మొదలయ్యాయి, నాడి బాగా నెమ్మదించింది. బట్టలు మార్చబోతే కుడి భుజం మీద ఆ రోజు ప్యాచ్, వీపు మీద ముందురోజుది రెండూ కనిపించాయి. రివాస్టిగ్మిన్ ప్యాచ్ నుంచి మందు 24 గంటల తర్వాత కూడా కొంత వస్తూనే ఉంటుంది కనుక, రెండు ఉంటే ఒంట్లోకి మోతాదు మించి చేరుతుంది. రెండూ తీసేసి వెంటనే డాక్టరును పిలిచారు. అప్పటి నుంచి నేను సన్నని బాల్‌పెన్నుతో ప్యాచ్ మీద వారం పేరు రాసి వేస్తున్నాను. నువ్వూ అలాగే రాయి.

అమ్మ ప్యాచ్ ఎందుకు ఊడిందో నువ్వు పంపిన ఫొటో చూడగానే తెలిసింది. నూనె రాసి తలంటు పోసిన రోజు, వీపు మీద నూనె జిడ్డు మెరుస్తూనే ఉంది; దానిపైన పౌడరు కూడా చల్లావు. జిగురు పట్టుకోవలసింది చర్మాన్ని, అక్కడ దానికి దొరికింది నూనె, పౌడరు. ప్యాచ్ వేసే చోట నూనె, క్రీము, పౌడరు ఏవీ ఉండకూడదు. సబ్బుతో కడిగి, మెత్తని తువ్వాలుతో ఒత్తి, తడి పూర్తిగా ఆరాక, ఫ్యాను కింద చెమట తగ్గాక వెయ్యి. రోమాలున్న చోట ప్యాచ్ చర్మానికి పూర్తిగా ఆనదు, ఆనని మేర మందు దిగదు. అందుకని నున్నని చోటు చూడు. తప్పనిసరైతే కత్తెరతో కత్తిరించు కాని బ్లేడు వాడకు, గీతలు పడిన చర్మం మంటపుడుతుంది. కమిలిన చోట, దద్దురున్న చోట, జాకెట్టు కుట్టు ఒరిసే చోట వెయ్యకు. వెనుక రేకు సగం ఊడదీసి, ఆ సగం అంటించి, మిగతా రేకు లాగి, అరచేత్తో 30 సెకన్లు నొక్కి పట్టు. ఆ తర్వాత అంచుల చుట్టూ ఒకసారి వేలు తిప్పు.

పొట్ట మీద, తొడ మీద వేస్తే ఈ మందు తక్కువగా ఎక్కుతుంది. వెయ్యదగినవి ఛాతీ పైభాగం, రొమ్ము తగలకుండా. మోచేతికి పైన ఉండే భుజం భాగం, వీపు పైభాగం, నడుము వెనుక భాగం. కుడి ఎడమలు కలిపి ఎనిమిది చోట్లు. ఒక్కోదాన్ని పైన, కింద అని విడదీస్తే పదహారు. అదే చోట మళ్లీ 14 రోజులలోపు వెయ్యకూడదు కనుక, ఈ పదహారూ వరుసగా తిరిగితే లెక్క సరిపోతుంది. గోడమీద క్యాలెండరులో ఆ తేదీ గడిలో "కుడి భుజం పైన" అని రాసుకో. అమ్మ గోకి ఊడబెరుక్కునే రోజుల్లో వీపు పైభాగమే మేలు, ఆమె చెయ్యి అందదు.

తీసిన చోట కాస్త ఎరుపు మామూలే. ఆ ఎరుపు ప్యాచ్ హద్దు దాటి పాకినా, పొక్కులు లేచినా, తీసిన 48 గంటలకూ తగ్గకపోయినా డాక్టరుకు చూపించు. పాతదాన్ని జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకు అందని చోట పారెయ్యి. చేతులు కడుక్కునే దాకా కళ్లు తాకకు.

ఇంకొకటి. ఊరెళ్లిన హడావిడిలో మూడు రోజులకు మించి ప్యాచ్ వెయ్యడం ఆగితే, అమ్మ ఇప్పుడు వాడే 9.5 మిల్లీగ్రాములది నేరుగా వెయ్యకు. డాక్టరును అడుగు, సాధారణంగా 4.6తో మళ్లీ మొదలుపెట్టిస్తారు. రేపు ఉదయం 8కి మార్చాక ఆ చోటు ఫొటో ఒకటి పంపు, చూస్తాను.

ఇట్లు,
నీ అక్క