మూడో తరగతికి అరగంట హోంవర్క్ చాలు

సంపాదకులకు నమస్కారం.

ఈ విద్యా సంవత్సరం నుంచి మా బడిలో మూడో తరగతి పిల్లలకు హోంవర్క్ పద్ధతి మార్చాం. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు అరగంట పని ఇస్తున్నాం, మిగతా రోజుల్లో ఏమీ లేదు. చూచిరాత, ప్రశ్నలు జవాబులు పదేసిసార్లు రాయడం, ఎక్కాలు పేజీలకు పేజీలు రాయించడం ఆపేశాం. "టీచరుగారూ, పుస్తకాలు ఖాళీగా వస్తున్నాయి, చదువు చెబుతున్నారా లేదా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. అడగడం న్యాయమే. రాజోలు వైపు పక్క ఊళ్ల వాళ్లు కూడా ఇదే మాట అంటున్నారు కాబట్టి, తరగతి టీచరుగా నా జవాబు మీ పత్రిక ద్వారా అందరికీ చెప్పాలనుకున్నాను.

అరగంట అనేది నేను సొంతంగా పెట్టిన లెక్క కాదు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్క్ అసలు ఇవ్వకూడదు. మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదు. మేం ఆ రెండు గంటలను నాలుగు రోజులకు పంచాం, అంతే. అయితే నేను మారింది ఆ కాగితం చూసి కాదు. పిల్లల తీసివేతలు చూసి.

52లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి, తిరగేసి 7లోంచి 2 తీసి 5 వేస్తారు. పదుల్లో 5లోంచి 2 పోతే 3. ఆ పిల్లాడి దృష్టిలో లెక్క సరిగ్గానే ఉంది. పైగా 58లోంచి 23 లాంటి లెక్కలకు ఇదే పద్ధతిలో జవాబు సరిగ్గా వస్తుంది. అందుకే ఇరవై లెక్కలు ఇస్తే కొన్ని ఒప్పు, కొన్ని తప్పు అవుతాయి. మనం "అజాగ్రత్తగా చేస్తున్నాడు" అని కోప్పడతాం. నిజానికి వాడు అన్నీ ఒకే పద్ధతిలో, ఎంతో జాగ్రత్తగా చేశాడు. పదిని విప్పి ఒకట్లలో కలపడం వాడికి అర్థం కాలేదు. అలాంటి పిల్లాడి చేత ఇంటి దగ్గర ఇరవై లెక్కలు చేయిస్తే ఆ తప్పే చేతికి అలవాటైపోతుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. ట్యూషన్లోనో ఇంట్లో అక్కో అన్నయ్యో జవాబులు దిద్దేస్తే పుస్తకం నా దగ్గరికి అన్నీ ఒప్పులతో వస్తుంది. వచ్చేసిందనుకుని నేను వందల తీసివేతకు వెళ్లిపోతాను. పిల్లాడు అక్కడే ఉండిపోతాడు.

అందుకే ఇప్పుడు అయిదే లెక్కలు ఇస్తున్నాను. రెండు రకాలూ కలిపి ఇస్తాను. అమ్మానాన్నలకు నా మనవి ఒకటే, తప్పు కనబడితే రబ్బరుతో చెరిపించకండి. అలాగే పంపండి, ఆ తప్పు నేను చూడాలి. సాయం చేయాలనిపిస్తే "ఎలా చేశావో చెప్పమ్మా" అని అడగండి. ఇంట్లో కొబ్బరి ఈనెపుల్లలు ఉంటాయి కదా. పదేసి పుల్లలు కట్టిన కట్టలు అయిదు, విడిగా రెండు పుల్లలు ముందు పెట్టి, ఇరవై ఏడు ఇవ్వమనండి. రెండు కట్టలు వెంటనే ఇస్తారు. ఏడు పుల్లల దగ్గర ఆగుతారు. అక్కడ మీరు చెప్పేయొద్దు, కాసేపు ఊరుకోండి. ఒక కట్ట విప్పాలని వాళ్లకే తోస్తుంది. విప్పితే విడి పుల్లలు పన్నెండు, ఏడు ఇస్తే మిగిలేవి అయిదు. కట్టలు రెండు ఉన్నాయి. మొత్తం ఇరవై అయిదు. దీనికి చదువు వచ్చిన పెద్దవాళ్లే ఉండక్కర్లేదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మా తరగతిలో కొందరు పిల్లల అమ్మలు కువైట్, దుబాయ్ వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. కొందరి ఇళ్లలో ఇద్దరూ రొయ్యల షెడ్లకో కొబ్బరి వలుపుకో వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. పదిసార్లు రాయమనే హోంవర్క్ ఇచ్చినప్పుడు ఈ పిల్లలే ఎక్కువ దెబ్బలు తిన్నారు. "నాకు చదువు రాదు, దీనికేం చెప్పను" అని ఒక అమ్మమ్మగారు నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొత్త పద్ధతిలో ఆవిడ చేయాల్సింది వినడమే.

అరగంటలో పావుగంట పైకి చదవడానికే. వినేవాళ్లకు అక్షరం రాకపోయినా ఒకటి పట్టుకోవచ్చు. పిల్ల కళ్లు పుస్తకం మీద లేకుండా గడగడా చదువుతుంటే అది కంఠతా పట్టిన పాఠం. వేలు పెట్టి చదవమనండి. తర్వాత కింది వరుసలో మధ్యలో ఉన్న ఒక మాట మీద మీరు వేలు పెట్టి, ఇదేమిటని అడగండి. చదవడం వచ్చిన పిల్ల ఆ మాట చెబుతుంది. కంఠతా పట్టిన పిల్ల వరుస మొదటికి వెళ్లి మళ్లీ అందుకుంటుంది. రెండోది జరిగితే కోప్పడకుండా నాకు చెప్పండి. ఒత్తుల దగ్గర పిల్లలు ఎక్కువగా ఆగుతారు. ఆగగానే అందించేయకుండా, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. పాఠం అయ్యాక "ఇందులో ఏం జరిగింది?" అని అడిగి సొంత మాటల్లో చెప్పించుకోండి.

గల్ఫ్‌లో ఉన్న అమ్మలు ఈ పని ఫోన్లోనే చేయవచ్చు. మనకు రాత్రి ఏడున్నర అయితే కువైట్‌లో సాయంత్రం అయిదు. పని వేళలు కుదిరిన రోజున "తిన్నావా, పడుకున్నావా" అని అడిగాక ఒక పేజీ చదివించుకోండి. పిల్లలు ఎవరికి చదివినా చదువుతారు, కానీ అమ్మ వింటోందంటే ఇంకో పేజీ ఎక్కువ చదువుతారు.

చివరి అయిదు నిమిషాలకు అయిదు మాటలు ఇస్తాను. మాట చూడాలి, పుస్తకం మూయాలి, రాయాలి, తెరిచి సరిచూసుకోవాలి. అదే మాటను పదిసార్లు చూసి రాస్తే చెయ్యి నొస్తుంది, మూడోసారి నుంచి మనసు ఎక్కడో ఉంటుంది. మూసి రాస్తే గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. సోమవారం మాటలు గురువారం మళ్లీ వస్తాయి, మర్చిపోయినవి అప్పుడు తేలతాయి.

అరగంట అయ్యాక, పని మిగిలిపోయినా ఆపేయండి. ఎక్కడ ఆగారో అక్కడ ఒక గీత గీయించండి చాలు. వారంలో రెండుసార్లు గీత కనబడితే ఆ పిల్లకు పని తగ్గించాలా, పాఠం మళ్లీ చెప్పాలా అన్నది నేను చూసుకుంటాను. గోదావరికి వరద వచ్చి లంకల్లో నీళ్లు తిరిగే రోజుల్లో ఆ పిల్లలకు హోంవర్క్ ఉండదు, దాని గురించి టెన్షన్ పడొద్దు.

ట్యూషన్ చెప్పేవారికి కూడా ఒక మాట. బడి నుంచి నాలుగింటికి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లను ఏడున్నర దాకా కూర్చోబెడితే ఇంటికెళ్లి పైకి చదివే ఓపిక ఉండదు. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు పేజీలు చూపించాలన్న మీ ఇబ్బంది నాకు తెలుసు. దయచేసి మా లెక్కల పుస్తకం మాత్రం మీరు దిద్దకండి. మీ దగ్గర వేరే పుస్తకంలో చేయించండి. ఏ పిల్ల ఎక్కడ తడబడుతోందో మీకు తెలిస్తే బడికి కబురు పెట్టండి, సాయంత్రం అయిదు దాకా నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
మూడో తరగతి ఉపాధ్యాయురాలు,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా