ఏది జరిగిన సీను, ఏది రాసిన సీను?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం టీవీలో శివాజీ గణేశన్ నటించిన పాత సినిమా ‘వీరపాండియ కట్టబొమ్మన్’ వేశారు. పదో తరగతి చదువుతున్న మా మనవడు నా పక్కనే కూర్చుని చూశాడు. ఈస్టిండియా కంపెనీ కలెక్టర్ జాక్సన్ ముందు నిలబడి పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన పన్ను ఎందుకు కట్టాలని నిలదీసే సీను వచ్చింది. మా తరానికి ఆ మాటలు కంఠతా వచ్చు. వాడు మాత్రం, “అమ్మమ్మా, మా పుస్తకంలో ఈయన బకాయి చాలావరకు కట్టేశాడని ఉందే!” అన్నాడు. పుస్తకం తెచ్చి చూపించాడు. వాడి మాట నిజమే.

ఆ పాఠం ప్రకారం 1798లో పాంచాలంకురిచ్చి పాలెగాడి బకాయి 3,310 వరహాలు. తనను కలవమని జాక్సన్ కబురు పెట్టాడు. కుర్తాళంలోనూ శ్రీవిల్లిపుత్తూరులోనూ కట్టబొమ్మన వెళ్తే దర్శనమే ఇవ్వలేదు. చివరికి సెప్టెంబరులో రామనాథపురం కోటలో కలిశాడు. అక్కడ జరిగిన గొడవలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు, కట్టబొమ్మన తప్పించుకున్నాడు, ఆయన మంత్రి శివసుబ్రమణ్యం పట్టుబడ్డాడు. కట్టబొమ్మన ఊరికి చేరి, తనను ఎలా అవమానించారో మద్రాసు కౌన్సిల్‌కు రాశాడు. కౌన్సిల్ కమిటీ వేసింది. డిసెంబరులో ఆయన వెళ్లి వాంగ్మూలం ఇచ్చాడు. తప్పు ఆయనది కాదని కమిటీ తేల్చింది. జాక్సన్ ఉద్యోగం పోయింది. కట్టబొమ్మన కట్టగా బకాయి 1,080 వరహాలకు తగ్గింది.

ఈ కమిటీ సంగతి ఇన్నేళ్లూ నాకు తెలియదు, తెలుసుకున్నాక చాలాసేపు ఆలోచించాను. కంపెనీ వాళ్లే తమ కలెక్టర్ని తప్పుపట్టారంటే సినిమాకు ఇబ్బంది. విలన్ అంతా ఒకవైపు ఉండాలి కదా! వీరుడు వినతిపత్రం రాసుకోవడం, కమిటీ ముందు కూర్చోవడం తెర మీద పండవు. అందుకే కథకు అడ్డొచ్చే సంగతి ఎక్కడైనా కనిపిస్తే నేను ముందు దాన్నే నమ్ముతాను. కల్పించేవాడు తన కథకు అడ్డొచ్చేదాన్ని కల్పించడు.

డబ్బు లెక్కలు, తేదీలు, ఎవరిని ఎప్పుడు తీసేశారన్నవి కంపెనీ రాసిపెట్టుకుంది. అలాంటి కాగితాలు ఇక్కడ ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో దాచి ఉన్నాయి. కానీ ఇద్దరు గదిలో మాట్లాడుకున్న మాటలు, అదీ ప్రాసతో ఊపిరి బిగబట్టేలా సాగే మాటలు, ఏ గుమాస్తా రాస్తాడు? ఆ డైలాగులు శక్తి కృష్ణస్వామి ముందు నాటకం కోసం రాసినవి. 1957లో శివాజీ నాటక బృందం ఆడింది, రెండేళ్లకు సినిమా అయింది. మీటింగ్ జరిగింది, క్లార్క్ చనిపోయాడు. మాటలు మాత్రం రచయితవి. జాక్సన్ ముందు కట్టబొమ్మనను మూడు గంటలు నిలబెట్టారన్న సంగతిని కూడా మా వాడి పుస్తకం “అంటారు” అనే రాసింది. ఆ చిన్న మాటను చూసీ చూడనట్టు దాటేయకూడదు.

ఇవి రెండూ కాక మూడోది ఒకటుంది. తిరునల్వేలి వైపు పల్లెల్లో కట్టబొమ్మన మీద కథాపాటలు ఏళ్ల తరబడి పాడుకున్నారు. సినిమాలో కొన్ని పాత్రలు, కొన్ని ఘట్టాలు ఆ పాటల దారిలో వచ్చినవే. వాటిని అబద్ధం అనను, కానీ రికార్డుతో సమానం చేయలేను.

ఎట్టయపురం పాలెగాడు ఎట్టప్పన్ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. చెన్నైలో వెన్నుపోటుదారుణ్ణి ఆ పేరుతోనే తిడతారు. మా వీధి పిల్లలూ ఆటలో అంటారు. ఆయన కంపెనీ పక్షాన ఉన్నమాట నిజం. కానీ 1799లో కంపెనీ సేనతో మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోట మీద పడ్డాక కట్టబొమ్మన పుదుక్కోట్టై వైపు పారిపోతే, పట్టి అప్పగించింది అక్కడి రాజు తొండైమాన్. అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. జనం తిట్టు మాత్రం ఒకరి మీదే నిలిచిపోయింది. కట్టబొమ్మన వంశం లాగే ఎట్టయపురం వారిదీ తెలుగు మూలమే కాబట్టి, మన ఇళ్లలో పిల్లలకు ఇది చెప్పాలనిపిస్తోంది.

ఇప్పటి చారిత్రక సినిమాల మొదట్లో “కొన్ని సన్నివేశాలు కల్పితం” అని ఒక కార్డు మెరిసి మాయమవుతుంది. ఆ ‘కొన్ని’ ఏవో చెప్పరు. సినిమా అయిపోయాక నాలుగు వరుసలు వేస్తే చాలు: ఈ మీటింగ్ రికార్డులో ఉంది, ఈ సంభాషణ రచయితది, ఈ పెళ్లి జానపద పాట నుంచి వచ్చింది అని. నిర్మాతలు వేయకపోతే చానెళ్లు వేయొచ్చు. ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా మీ ఆదివారం సంచికలో ఒక కాలమ్ ఇవ్వగలరా? మొదటి కాలమ్‌కు 1798 నాటి కమిటీ సంగతి తీసుకోమని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై