కార్డు మారితే ముందు కదలాల్సింది బ్యాంకు

సంపాదకుల వారికి,

నెలనెలా కార్డు మీద వాటంతటవే పోయే చెల్లింపుల గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. కొత్త కార్డు రాగానే, పాత నంబరు దాచుకున్న వెబ్‌సైట్లన్నిటిలో దాన్ని మార్చుకోని ఖాతాదారుదే తప్పన్నట్టు రాశారు. పక్కన బాక్సులో ఒక బ్యాంకు అధికారి కూడా అదే పాట పాడారు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ని. ఇది చదివి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ నంబరు సంగతి. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కు తప్ప మధ్యలో ఇంకెవరూ అసలు కార్డు నంబరు దాచుకోకూడదు. గడువు మీద గడువు ఇచ్చాక రిజర్వు బ్యాంకు అమల్లోకి తెచ్చిన నిబంధన ఇది. ఇన్నేళ్లయినా పేపర్లలో 'సైట్లు మీ కార్డు నంబరు దాచుకుంటాయి' అనే రాస్తున్నారు.

మరి మనం నెలనెలా డబ్బు కట్టే కంపెనీ దగ్గర ఉండేదేమిటి? మనం 'ఈ కార్డును భద్రపరచండి' అన్న గడిలో టిక్ పెట్టి ఓటీపీ కొట్టగానే, నెట్‌వర్కు ఆ కార్డుకు బదులుగా ఒక టోకెన్ తయారుచేస్తుంది. చూడటానికి అదీ కార్డు నంబరులాగే పదహారు అంకెలుంటుంది. కానీ అది ఆ కార్డుకూ, టోకెన్ అడిగిన సంస్థకూ, ఆ ఒక్క వ్యాపారికీ కలిపి పుట్టింది. అదే కార్డును ఇంకో చోట భద్రపరిస్తే అక్కడ వేరే టోకెన్ వస్తుంది. ఒక కంపెనీ సర్వర్‌లోంచి దొంగ దాన్ని ఎత్తుకుపోయినా ఇంకో దుకాణంలో చెల్లదు. ఏ టోకెన్ ఏ కార్డుదో చెప్పే పట్టిక నెట్‌వర్కు దగ్గరే ఉంటుంది. వ్యాపారి లెక్కలు సరిచూసుకోవడానికి అసలు కార్డులోని చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రం ఉంచుకోవచ్చు. చుక్కల తర్వాత తెర మీద మనకు కనిపించే నాలుగంకెలు అవే. చాలామంది చిన్న వ్యాపారుల దగ్గరైతే టోకెన్ కూడా ఉండదు, వాళ్ల తరఫున చెల్లింపులు నడిపే పేమెంటు గేట్‌వే వాళ్లు ఇచ్చిన గుర్తింపు సంఖ్యే ఉంటుంది. కార్డు వెనకాలుండే సీవీవీని ఎవరూ దాచుకోవడానికి వీల్లేదు.

టోకెన్ ఒక్కటే ఉంటే నెలనెలా డబ్బు కట్ కాదు. దానితోపాటు మాండేట్ ఉండాలి. ఎంత మొత్తం, ఎన్నాళ్లకొకసారి, ఎప్పటిదాకా అని మనం ఓటీపీతో ఇచ్చిన అనుమతి అది. టోకెన్ ఏ కార్డో చెబుతుంది, మాండేట్ ఎంత తీసుకోవచ్చో చెబుతుంది. రెండూ ఉంటేనే డబ్బు కదులుతుంది. మాండేట్ ఉన్నాక 15 వేల రూపాయల వరకు ప్రతి నెలా ఓటీపీ అడగరు. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకైతే 2023 డిసెంబరులో ఆ పరిమితిని లక్షకు పెంచారు.

ఇక మీ కథనం అసలు ముట్టుకోని సంగతికి వస్తాను. మా తోడల్లుడు ఆరోగ్య బీమా ప్రీమియం ప్రతి నెలా 5వ తేదీన డెబిట్ కార్డు మీద పోయేలా పెట్టుకున్నాడు. ఆ ముందు రోజుకల్లా బ్యాంకు నుంచి ఫలానా కంపెనీకి ఇంత కట్ అవుతుందని మెసేజ్ వచ్చేది. ఇలాంటి చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు చెప్పి తీరాలన్నది నిబంధన. పాత కార్డు గడువు తీరి బ్యాంకు కొత్త నంబరుతో కార్డు పంపాక, ఆ నెల మెసేజ్ రాలేదు. ప్రీమియమూ పోలేదు. కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక మెయిల్ వస్తే, రోజూ వచ్చే ప్రకటనల్లో ఒకటనుకుని తెరవలేదు. నెలవారీ ప్రీమియానికి గ్రేస్, అంటే తేదీ దాటాక కట్టడానికి ఇచ్చే వ్యవధి, 15 రోజులే. అది ముగియబోతుండగా ఏజెంటు ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. షుగరున్న మనిషి, పాలసీ పోతే మళ్లీ ఎవరిస్తారు? ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను.

బీమా కంపెనీకి ఫోన్ చేస్తే బ్యాంకును అడగమన్నారు. బ్రాంచికి వెళ్తే, 'మీ కార్డు నంబరు కంపెనీ దగ్గరుంటుంది, అక్కడే మార్చుకోండి' అన్నారు. మీ బాక్సులో వచ్చిన మాటే ఇది. కంపెనీ దగ్గరున్నది పాత కార్డుకు ముడిపడిన టోకెన్. ఆ కార్డు మూసేశాక దాంతో పైసా కూడా రాదు, కొత్త కార్డు వచ్చిందని కంపెనీకి తెలిసే దారీ లేదు. తెలిసింది బ్యాంకుకు, ఎందుకంటే ఆ కార్డు ఇచ్చింది తనే.

అందుకే రిజర్వు బ్యాంకు 2021 సెప్టెంబరు 7 నాటి సర్క్యులర్‌లో స్పష్టంగా రాసింది. కార్డును పునరుద్ధరించినా, దాని బదులు మరొకటి ఇచ్చినా, ఖాతాదారు అంతకుముందు ఏయే వ్యాపారుల దగ్గర కార్డు నమోదు చేశారో వాళ్లతో కొత్త కార్డును ముడిపెట్టడానికి బ్యాంకే ఖాతాదారు సమ్మతి అడగాలి. మా తోడల్లుడిని ఎవరడిగారు? కార్డుతో వచ్చిన కవరు నేను చూశాను. షాపింగ్ ఆఫర్ల కాగితాలు నిండుగా ఉన్నాయి, ఈ విషయం మీద ఒక్క వాక్యం లేదు.

అదే సర్క్యులర్‌లో ఇంకోటి ఉంది. ఖాతాదారు తన కార్డు ఎవరెవరి దగ్గర టోకెన్‌గా ఉందో చూసుకునే జాబితా, వద్దనుకున్నది తీసేసే సౌకర్యం బ్యాంకు ఇవ్వాలి. మొబైల్ యాప్, ఇంటర్నెట్ బ్యాంకింగ్, ఫోన్, బ్రాంచి, వీటిలో ఏదో ఒక చోటైనా ఉండాలి. బ్రాంచిలో అడిగితే కౌంటరులోని అమ్మాయి అలాంటిదేమీ లేదంది. ఆ పిల్లను అని లాభం లేదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు. చివరికి యాప్‌లోనే, కార్డు లిమిట్లు మార్చే చోట అడుగున దొరికింది. మా రోజుల్లో కొత్త సర్క్యులర్ వస్తే మేనేజరు అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించి సంతకాలు తీసుకునేవాడు. ఇప్పుడు బ్రాంచికి కార్డులు, పాలసీలు అమ్మే టార్గెట్లొస్తాయి, సర్క్యులర్ మాత్రం మెయిల్లోనే పడి ఉంటుంది.

ఆ పాలసీ నిలిచింది. కంపెనీ సైటులో కొత్త కార్డును మొదటి నుంచి నమోదు చేసి, ఓటీపీతో కొత్త టోకెన్, కొత్త మాండేట్ పెట్టించాం. ఆ నెల ప్రీమియం గ్రేస్ లోపే కట్టాం. పక్కన ఎవరూ లేని పెద్దవాళ్లయితే ఏం చేసేవాళ్లు?

పాఠకులకు ఉపయోగపడే మాట మీరు రాయదలిస్తే ఇది రాయండి. డబ్బు పోవాల్సిన తేదీకి ముందు రోజు కూడా బ్యాంకు మెసేజ్ రాలేదంటే ఆ చెల్లింపు జరగదనే అనుకుని అప్పుడే చూసుకోవాలి. కంపెనీ పేజీలో చివరి నాలుగంకెలు పాత కార్డువే ఉంటే ముడి తెగినట్టే. యాప్‌లోని జాబితాలో టోకెన్ తీసేసినంత మాత్రాన మాండేట్ రద్దు కాదు, దాన్ని విడిగా రద్దు చేసుకోవాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టవచ్చు.

మీ బాక్సులో మాట్లాడిన అధికారిని ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు అదే పేజీలో వేయండి: మీ బ్యాంకు ఈ ఏడాది గడువు తీరిన కార్డులకు కొత్తవి పంపినప్పుడు, పాత నమోదులను ముడిపెట్టమంటారా అని ఎంతమంది ఖాతాదారులను అడిగింది?

ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ