పీసీఆర్ అంకె ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

‘నిఫ్టీ పీసీఆర్ 1.5, బుల్లిష్’ అని మార్కెట్ పేజీల్లో తరచూ కనిపిస్తుంది. ఆ అంకె దేని నుంచి వచ్చిందో మాత్రం రాయరు. ఆప్షన్లలోకి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి, సూచీ పెరిగితే లాభమిచ్చే కాల్స్ కొనేస్తున్నారు.

సూచీ పడితే లాభమిచ్చే పుట్‌లను కాల్స్‌తో భాగిస్తే వచ్చే పుట్-కాల్ రేషియోనే పీసీఆర్. ఇంకా ముగియని కాంట్రాక్టుల సంఖ్య అయిన ఓపెన్ ఇంటరెస్ట్‌తో లెక్కిస్తే ఒకటి, ఆ రోజు వాల్యూమ్‌తో లెక్కిస్తే మరొకటి వస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ ఉంటారు. పుట్‌లు పెరిగాయంటే భయపడి కొని ఉండొచ్చు, మార్కెట్ పడదన్న ధీమాతో రైటర్లు, అంటే ఆప్షన్లు రాసి అమ్మేవారు, అమ్మి ఉండొచ్చు. అమెరికాలో పీసీఆర్ పెరిగితే భయం ముదిరిందంటారు. మన దగ్గర అదే అంకెను రైటర్ల ధీమాగా చదువుతారు.

ఒక లెక్క చూడండి. పుట్‌ల ఓపెన్ ఇంటరెస్ట్ 1.2 కోట్లు, కాల్స్‌ది 1 కోటి అనుకుందాం. పీసీఆర్ 1.2. నిఫ్టీ పెరిగేసరికి నష్టపోతున్న కాల్ రైటర్లు 20 లక్షల కాల్స్ తిరిగి కొని బయటపడ్డారు. ఇప్పుడు పీసీఆర్ 1.5. కొత్తగా ఒక్క పుట్ కూడా చేరలేదు. సూచీ పెరిగాక దాని వెనకే పెరిగిన ఈ అంకెను రేపటి పెరుగుదలకు సూచన అనుకుంటే ఆలస్యంగా, ఎక్కువ ప్రీమియం పెట్టి కొన్నట్టే.

‘అసాధారణ వాల్యూమ్’ సంగతీ అంతే. 1,000 రూపాయల షేరును 900కు అమ్మే హక్కు ఇచ్చే 900 పుట్‌లో నిన్నటి ఓపెన్ ఇంటరెస్ట్ 1,200 లాట్లు, ఇవాళ్టి వాల్యూమ్ 5,000 లాట్లు అనుకుందాం. రోజు ముగిశాక ఓపెన్ ఇంటరెస్ట్ 1,400 దగ్గరే ఉంటే చాలావరకు అదే రోజు కొని అమ్మిన హడావుడే. 6,000 దాటితే పొజిషన్లు నిలిచినట్టు. అప్పుడూ 850 పుట్‌లో దాదాపు అన్నే లాట్లు చేతులు మారాయేమో చూడాలి. మారితే అది ఒక పుట్ కొని మరొకటి అమ్మే స్ప్రెడ్ కావచ్చు. చేతిలో ఉన్న షేర్లకు బీమాగా కొన్న పుట్‌లూ కావచ్చు. షేరు కదలకుండా ప్రీమియం, అందులో ఇమిడిన ఒడుదొడుకుల అంచనా అయిన ఐవీ పెరిగితే కొనేవారి ఒత్తిడి, తగ్గితే అమ్మేవారిది అనుకోవచ్చు. ఇదీ కచ్చితం కాదు. ఇక నిఫ్టీ వారపు ఆప్షన్లలో ఎక్స్‌పైరీ నాడు వాల్యూమ్ ఓపెన్ ఇంటరెస్ట్‌కు ఎన్నో రెట్లు ఉండటం మామూలే, అక్కడ ఈ పోలిక పనికిరాదు.

2021-22 నుంచి 2023-24 వరకు ఎఫ్ అండ్ ఓలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ 2024లో లెక్క చెప్పింది. కాబట్టి పీసీఆర్ వేసే చోట అది ఓపెన్ ఇంటరెస్ట్‌దా వాల్యూమ్‌దా, ఏ ఎక్స్‌పైరీది, నిన్నటితో పోలిస్తే పుట్‌లు మారాయా కాల్స్ మారాయా అన్నది ఒక్క వాక్యంలో ఇవ్వండి. ‘బుల్లిష్’ అన్న మాట తీసేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ