14వ షీటు జవాబుల పేజీ గురించి

"సార్, 14వ షీటు ఎనిమిదో లెక్కకి మా పాప 1200 అంటా ఉంది. మీ జవాబుల పేజీలో 1152 అని ఉంది. రెండు తూర్లు చేయించినా అదే వస్తా ఉంది. తప్పెవరిది?"

తప్పు మాదేనమ్మా. పాప కరెక్టుగా చేసింది. ఈ జూన్ నుంచి ఏడో తరగతి లెక్కల కట్ట కొన్న వాళ్ళందరికీ ఈ జవాబు చేరాలని ఇక్కడ రాస్తున్నాం. ఆ షీటులో ఉన్న పన్నెండు లెక్కల్లో 3, 5, 8, 9, 11 నంబర్ల జవాబులు తప్పుగా అచ్చయ్యాయి. మీ దగ్గరున్నది ఆ అచ్చో కాదో తెలియాలంటే ఎనిమిదో జవాబు చూడండి. 1152 అని ఉంటే అదే.

తప్పు ఎలా జరిగిందో చెప్పాలి, ఎందుకంటే పిల్లలు చేసే తప్పూ సరిగ్గా ఇదే. లెక్క ఇది: 20 శాతం డిస్కౌంటు పోగా చీర 960 రూపాయలకు వచ్చింది, డిస్కౌంటుకు ముందు ధర ఎంత? జవాబులు కట్టి ఇవ్వడానికి మేం డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి కాలిక్యులేటర్లో 960 కొట్టి, ప్లస్ కొట్టి, 20 కొట్టి, శాతం బటన్ నొక్కాడు. చాలా కాలిక్యులేటర్లలో అలా నొక్కితే 1152 వస్తుంది. అది 960లో 20 శాతం, అంటే 192, తీసుకొచ్చి 960కే కలుపుతుంది. కానీ కొట్టువాడు 20 శాతం తగ్గించింది 960 మీద కాదు, మనకు తెలియని ఆ పాత ధర మీద. శాతం ఒకటే అయినా అది దేని మీద అన్నది మారిపోయింది.

అడిగితే ఆయన "చిన్న తేడానే కదా, స్టిక్కర్ అంటించండి" అన్నాడు. ఆ మాట మింగుడు పడలేదు. 48 రూపాయల తేడా చిన్నదే కావచ్చు, కానీ సరిగ్గా చేసిన పిల్ల మా పేజీ చూసి తన లెక్క కొట్టేసుకుంటే అది చిన్నది కాదు. ఆయనతో పని మానేశాం. అచ్చుకు పంపేముందు మేమూ సరిచూడలేదు కాబట్టి, మా పేరుతో వచ్చిన పేజీకి బాధ్యత మాదే.

ఇప్పుడు సరైన దారి. మొదట అడగాల్సింది ఒక్కటే: చేతిలో ఉన్న ఈ 960, పాత ధరలో ఎంత శాతం? పాత ధర 100 శాతం, అందులో 20 పోయింది, కాబట్టి 960 అంటే 80 శాతం. 80 శాతం 960 అయితే, ఎనిమిదో వంతు తీస్తే 10 శాతం 120. పది 120లు 1200. ఒక గీత గీసి దాన్ని పది గళ్ళు చేసి, ఎనిమిది గళ్ళ కింద 960 రాయిస్తే, ఒక గడికి 120 అని పిల్లలే పలుకుతారు.

ధర పెరిగిన లెక్కయినా ప్రశ్న అదే. రొయ్యల రేటు 25 శాతం పెరిగి కిలో 350 అయింది, పెరగకముందు ఎంత? ఇక్కడ 350 అంటే 125 శాతం. అయిదో వంతు తీస్తే 25 శాతం 70, నాలుగు 70లు 280. 350లోంచి 25 శాతం తీసేసిన పిల్లకి 262 రూపాయల 50 పైసలు వస్తుంది.

వచ్చిన జవాబు సరైనదో కాదో పిల్లలే తేల్చుకోవచ్చు, మా పేజీ అవసరం లేదు. జవాబును మళ్ళీ ముందుకు నడిపించాలి. 1200లో 20 శాతం 240, తీసేస్తే 960, సరిపోయింది. 1152లో 20 శాతం 230 రూపాయల 40 పైసలు, తీసేస్తే 921 రూపాయల 60 పైసలు. 960 రాలేదు, కాబట్టి 1152 కాదు. ఈ ఒక్క వరస రాయించే అలవాటు ఉంటే మా తప్పు ఆ రోజే బయటపడేది.

కొత్త షీటులో ఈ వరసకు ప్రతి లెక్క కింద ఖాళీ గీత పెట్టాం. కానీ మేం ఎక్కువ రోజులు తలపట్టుకున్నది మొదటి లెక్క దగ్గర. పాత షీటు 10 శాతంతో మొదలయ్యేది, తేలిక కాబట్టి. డిస్కౌంటు పోను 900, అసలు 1000. తప్పు దారిలో వెళ్ళినా 990 వస్తుంది. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పిల్లకి ఏ అనుమానమూ రాదు. 5 శాతం అయితే మరీ మోసం: 950కి అసలు 1000, తప్పు దారిలో 997 రూపాయల 50 పైసలు. శాతం చిన్నదయ్యేకొద్దీ తప్పు దాక్కుంటుంది. అందుకే 50 శాతంతో మొదలుపెట్టాం. సగం ధరకు వచ్చిన వస్తువు 500 అయితే అసలు 1000 అని ఎవరైనా చెబుతారు. 500కి 50 శాతం కలిపిన పిల్లకి 750 వస్తుంది, 750లో సగం 500 కాదని తనకే కనబడుతుంది. కావలి, కందుకూరుల్లో మా షీట్లు వాడే కొందరు టీచర్లు "పెద్ద శాతం ముందెందుకు, భయపడతారు" అన్నారు. రెండు వారాలు అటూ ఇటూ మార్చి చూశాం. చివరికి 50నే ఉంచాం, దాన్ని మార్చం.

ఇంకొకటి కూడా మార్చం. షీటు పైన సూత్రం అచ్చేయమని అడుగుతున్నారు: ఇప్పటి ధర × 100 ÷ (100 − శాతం). అది డిస్కౌంటు లెక్కకు సరిపోతుంది. అదే సూత్రం రొయ్యల లెక్కలో వేస్తే 350ని 100తో గుణించి 75తో భాగించి, పెరగకముందే 466 రూపాయల చిల్లర ఉందని రాస్తారు. కొత్త షీటు పదో లెక్కలో డిస్కౌంటు సొమ్మే 240, అది 20 శాతం అని ఇచ్చాం. అక్కడ 240 అంటే 20 శాతం, 80 కాదు, కాబట్టి అసలు 1200. సూత్రం బట్టీ పట్టిన పిల్ల 300 రాస్తుంది.

పాత 14వ షీటు తెచ్చిన వాళ్ళకు కావలి దుకాణంలో కొత్త షీటు, కొత్త జవాబుల పేజీ ఉచితంగా ఇస్తాం. రాసేసిన షీటయినా, చిరిగినదయినా పర్లేదు. బిల్లు అడగం. ఒంగోలు నుంచి రాలేని వాళ్ళు ఎన్ని షీట్లు కావాలో ఫోన్ చేసి చెప్పండి, పోస్టులో పంపిస్తాం, ఖర్చు మాదే. మిగతా షీట్ల జవాబులన్నీ ఇద్దరు టీచర్లు వేరువేరుగా చేతితో కట్టి చూశారు, 14 తప్ప ఎక్కడా తేడా లేదు.

అడిగిన ఆ అమ్మకి: పాప కొట్టేసుకున్న 1200 పక్కన టిక్కు పెట్టమని చెప్పండి.